హార్మోనికాలో దాగిన మ, ధ: డ్రా బెండ్ ముచ్చట్లు

హోస్ట్: అన్నా, పది రంధ్రాల డయాటోనిక్ హార్మోనికాలో కింది స్థాయిలో మ, ధ ఉండవంటారు. మరి వాయించేవాళ్లు ఎలా పలికిస్తారు?

అతిథి: సీ హార్మోనికా తీసుకుని సీని స అనుకుందాం. మొదటి మూడు రంధ్రాల్లో ఊదితే స, గ, ప. పీలిస్తే రి, ప, ని. అంతే, మ, ధ లేవు. రెండో రంధ్రంలో పీల్చే ప స్వరాన్ని కిందికి వంచితే మ వస్తుంది. మూడో రంధ్రంలో పీల్చే ని స్వరాన్ని వంచితే ధ వస్తుంది. పీలుస్తూ స్వరాన్ని ఇలా దించడమే డ్రా బెండ్.

హోస్ట్: గాలికి కదిలి స్వరం పలికే సన్నని లోహపు రేకు, అదే రీడ్, దాని పొడవు మారదు కదా, స్వరం ఎలా దిగుతుంది?

అతిథి: ప్రతి రంధ్రంలో రెండు రీడ్లుంటాయి, ఊదే రీడ్, పీల్చే రీడ్. మామూలుగా పీల్చినప్పుడు పీల్చే రీడ్ ఒక్కటే బలంగా కదులుతుంది. నాలుకతో నోటిలోని గాలి స్థలాన్ని మార్చి, దాని అనునాదాన్ని కిందికి దింపితే, ఊదే రీడ్ కూడా కదలడం మొదలుపెడుతుంది. అప్పుడు రెండూ కలిసి మధ్య స్వరం పలుకుతాయి. అందుకే బెండ్‌కి హద్దు ఉంది. ఊదే స్వరానికి దాదాపు ఒక అరమెట్టు పైన ఆగిపోతుంది. నాలుగో రంధ్రంలో స, రి మధ్య శుద్ధ రిషభం ఒక్కటే. మూడో దాంట్లో ప, ని మధ్య మూడు స్వరాలు. అయిదో దాంట్లో గ, మ పక్కపక్కనే, మధ్యలో ఏమీ లేదు. అక్కడ స్వరం కొంచెం జారుతుంది, అంతే.

హోస్ట్: నాలుక సంగతి వివరంగా చెప్పండి.

అతిథి: నాలుగో రంధ్రంతో మొదలుపెట్టు. పెదాలు, దవడ కదపకుండా "ఈ" అనే ఆకారంలో మెల్లగా పీలుస్తూ ఉండు. నాలుకలో పైకి లేచిన భాగం ముందు వైపు ఉంటుంది. ఆ భాగాన్ని "ఊ" అన్నట్టు వెనక్కి, "క" పలికే చోటు వైపు జరుపు. ముందు హార్మోనికా లేకుండా లోపలికి పీలుస్తూ ఈల వేసి, ఎత్తు స్వరం నుంచి కిందికి దింపి చూడు. అప్పుడు నాలుక చేసే కదలికే ఇక్కడా కావాలి. ఆరో రంధ్రంలో ఆ లేచిన భాగం ఇంకా ముందుకు, "చ" చోటుకు దగ్గరగా ఉంటుంది. రెండు, మూడు రంధ్రాలకు మరీ వెనక్కి పోవాలి. స్వరం ఎంత కిందిదైతే నోట్లో అంత పెద్ద స్థలం కావాలి కాబట్టి.

హోస్ట్: చాలామంది గట్టిగా లాగుతారు.

అతిథి: అదే ఇబ్బంది. గట్టిగా లాగితే రీడ్ మూగబోతుంది, లేదా కీచుమంటుంది, త్వరగా పాడవుతుంది కూడా. గాలి శబ్దమే ఎక్కువగా వినిపిస్తే ముక్కు నుంచో, పెదాల పక్క నుంచో లీకవుతోందని అర్థం. ఫోన్‌లో ట్యూనర్ పెట్టుకో. నాలుగో రంధ్రంలో రి అంటే D నుంచి శుద్ధ రిషభం అంటే C# దాకా సూది దిగాలి. సగంలో ఆగితే లాగడం పెంచకు, నాలుకను ఇంకాస్త వెనక్కి జరుపు.

హోస్ట్: మూడో రంధ్రమే కష్టమంటారు, ఎందుకు?

అతిథి: దిగడం కాదు, మధ్యలో నిలవడం కష్టం. ని నుంచి శుద్ధ ధైవతం దాకా జారిపోవడం సులువే, కానీ మనకు కావలసిన చతుశ్రుతి ధ ఆ దారిలో మధ్యన ఉంది. ఆరో రంధ్రంలో పీలిస్తే అదే ధ ఒక స్థాయి పైన, బెండ్ లేకుండా వస్తుంది. ముందు దాన్ని విను, తర్వాత మూడో రంధ్రంలో ఆ స్వరానికి సరిపోయే చోట నాలుకను ఆపి పట్టు.