చెప్పుల కాళ్ళతో గుళ్ళోకి వెళ్తే కళ్ళు పోతాయా?

(ఫోన్-ఇన్ కార్యక్రమం నుంచి)

వ్యాఖ్యాత: నమస్కారం. ఒక పల్లెటూరి రామాలయంలో చాలా ఏళ్ళు అర్చకత్వం చేసిన ఆచార్యులుగారు ఇవాళ మనతో ఉన్నారు. గుడికి వెళ్ళే పద్ధతుల గురించి మీ సందేహాలు ఏవైనా అడగొచ్చు. మొదటి కాల్ తీసుకుందాం. హలో, చెప్పండమ్మా.

కాలర్: నమస్కారమండీ. మాది పల్లెటూరు. మా మనవడి గురించి అడగాలని చేశాను. వాడికి ఎనిమిదేళ్ళు. మొన్న గుడి పక్కన ఆడుకుంటుంటే బంతి మంటపంలోకి దొర్లిందంట. వీడు చెప్పులతోనే లోపలికి పరిగెత్తాడు. నేను చూసి, చెప్పులతో వెళ్తే కళ్ళు పోతాయిరా అని అరిచాను. అప్పటినుంచి గుడి వైపు రమ్మంటే రాడు. పొద్దున లేవగానే అద్దంలో కళ్ళు చూసుకుంటున్నాడు. మాకు టెన్షన్ పట్టుకుందండీ.

ఆచార్యులు: అయ్యో. బాబు పక్కనే ఉన్నాడా అమ్మా?

కాలర్: ఉన్నాడండీ, తలుపు వెనకాల నక్కాడు. ఇంకో మాట. అసలు చెప్పులు బయటెందుకు విప్పాలి అని ఎదురు ప్రశ్న వేశాడు. చెప్పులు తోలువి నాన్నా, తోలు మైల అన్నాను. నావి రబ్బరువి కదా అన్నాడు. అక్కడితో నా నోరు మూతపడింది.

ఆచార్యులు: (నవ్వుతూ) తెలివైనవాడే. ఫోన్ వాడికివ్వండి. మీరూ పక్కనే ఉండి వినండి.

బాబు: ...హలో.

ఆచార్యులు: ఏం నాన్నా, బంతి దొరికిందా?

బాబు: దొరికింది. ధ్వజస్తంభం దగ్గర ఆగింది.

ఆచార్యులు: మంచిది. ముందు ఒక సంగతి చెబుతాను. నీ కళ్ళకేం కాదు. నువ్వు తొక్కిన చోట ఒక బిందె నీళ్ళు పోసి కడిగితే సరిపోతుంది. అది కూడా ఈపాటికి మీ పూజారిగారు చేసేసి ఉంటారు. గుళ్ళో రోజూ పొద్దున్నే కడగడం ఉండనే ఉంది. ఇంతకంటే పెద్ద దోషాలు జరిగితే పుణ్యాహవాచనం చేసి, మంత్రించిన నీళ్ళు చల్లి శుద్ధి చేస్తారు. కళ్ళు పీకే పద్ధతి మాత్రం ఎక్కడా లేదు.

బాబు: మరి చెప్పులు ఎందుకు బయట పెట్టాలి?

ఆచార్యులు: నిన్నే అడుగుతాను. గుళ్ళోకి వెళ్ళాక మీ తాతగారు ఏం చేస్తారు?

బాబు: దండం పెడతారు. బోర్లా పడుకుని.

ఆచార్యులు: బోర్లా పడుకున్నప్పుడు నుదురు ఎక్కడ ఆనుతుంది?

బాబు: నేల మీద.

ఆచార్యులు: నీ చెప్పులు పొద్దుట్నుంచి ఎక్కడెక్కడ తిరిగాయి?

బాబు: బడికి... బర్రెల పాక దగ్గరికి... కాలవ గట్టు మీదికి.

ఆచార్యులు: ఆ పాకలో పేడ, కాలవ గట్టు మీది బురద, అంతా చెప్పు అడుక్కి అంటుకుంటుంది. నువ్వు అదే చెప్పుతో మంటపం తొక్కితే, కాసేపటికి మీ తాతగారు అక్కడే నుదురు ఆనిస్తారు. ఇంకొకరు అక్కడే కూర్చుని ప్రసాదం తింటారు. పసిపిల్లలు పాకుతారు. మొక్కుకున్నవాళ్ళు అదే నేల మీద పొర్లుదండాలు పెడతారు. గుడి నేల కాళ్ళకి మాత్రమే కాదు నాన్నా, ఒళ్ళంతటికీ తగిలే నేల. అందుకే చెప్పులు విప్పి, వీలైతే కాళ్ళు కడుక్కుని వెళ్తాం. తిరుమలలో చూశావా? మహాద్వారం గడప దగ్గర నీళ్ళు పారుతూ ఉంటాయి. లోపలికి వెళ్ళే ప్రతివాళ్ళ కాళ్ళూ తడవాల్సిందే. ఆ గుడి చుట్టూ ఉన్న మాడవీధుల్లో కూడా చెప్పులతో తిరగనివ్వరు.

వ్యాఖ్యాత: ఆచార్యులుగారూ, మరి నాయనమ్మగారు చెప్పిన తోలు మాట? మా ఇంట్లో కూడా అదే చెప్పేవాళ్ళు.

ఆచార్యులు: చాలామంది చెబుతారండీ. చచ్చిన జంతువు చర్మం కాబట్టి మైల అనే భావన ఉన్నమాట నిజమే. బెల్టు, పర్సు కూడా తీసేసి వెళ్ళేవాళ్ళు ఉన్నారు. కానీ దాన్నొక్కదాన్నే కారణంగా పిల్లలకి చెబితే నిలవదు. బాబూ, మీ గుళ్ళో పెళ్ళిళ్ళకి, ఉత్సవాలకి ఏం వాయిస్తారు?

బాబు: సన్నాయి. డోలు.

ఆచార్యులు: డోలుకి బిగించేది ఏంటి?

బాబు: ...తోలు! డోలు లోపలికి వస్తుంది కదా మరి!

ఆచార్యులు: అదీ! మృదంగానిదీ చర్మమే. జింకచర్మం మీద కూర్చుని జపం చేసే ఆచారం కూడా ఉంది. తోలు మైల అనే మాట చివరికి తోలు పని చేసే మనుషుల మీదికి మళ్ళింది. చెప్పులు కుట్టి మన కాళ్ళు కాపాడినవాళ్ళని తరాలపాటు గుడి గడప తొక్కనివ్వలేదు. పెద్దల ఇళ్ళ ముందు నుంచి వెళ్ళేటప్పుడు వాళ్ళు చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని నడవాల్సి వచ్చేది. అది భక్తి కాదు, దౌర్జన్యం. అందుకే అమ్మా, ఆ కారణం మీరు వదిలేయండి. రబ్బరైనా, తోలైనా, గుడ్డ బూట్లైనా, బయట తిరిగి వచ్చినవి బయటే ఉండాలి. అంత చెబితే చాలు.

వ్యాఖ్యాత: ఫోన్లలో ఇంకోటి తిరుగుతోందండీ. గుడి రాళ్ళలో అయస్కాంత శక్తి ఉంటుందని, చెప్పులు విప్పితే అది అరికాళ్ళ నుంచి ఒంట్లోకి ఎక్కుతుందని.

ఆచార్యులు: దానికి ఆధారమేమీ లేదండీ. శాస్త్రం పేరు చెబితే పిల్లలు వింటారని ఎవరో అల్లారు. పిల్లాడు రేపు బడిలో అయస్కాంతం తెచ్చి గుడి రాయికి ఆనించి చూస్తే ఏం చెబుతాం? సంప్రదాయంలో ఉన్న మాటే చెబుదాం. భగవంతుడి సేవలో చేయకూడని తప్పులు 32 అని వైష్ణవులు ఒక పట్టిక చెబుతారు. వాహనమెక్కిగానీ, పాదుకలతోగానీ గుళ్ళోకి వెళ్ళడం అందులో మొదట్లోనే వస్తుంది. వాహనాన్నీ పాదుకల్నీ ఒకే చోట కలిపి చెప్పడం చూశారా? పల్లకి ఎక్కి వచ్చే దొర దిగాలి, చెప్పులేసుకుని వచ్చే రైతు విప్పాలి. హోదా ప్రకారం మినహాయింపు లేదు. నాకైతే ఈ నియమంలో బాగా నచ్చేది అదే.

బాబు: తాతగారూ, ఇంకోటి అడగనా?

ఆచార్యులు: అడుగు నాన్నా.

బాబు: పూజారిగారు తల మీద గంటలాగా ఒకటి పెడతారు కదా. దాని మీద పాదాలు ఉంటాయి. మన చెప్పులేమో బయట పెట్టాలి, దేవుడివి మాత్రం తల మీద పెడతారా?

ఆచార్యులు: (పెద్దగా నవ్వి) ఇన్నేళ్ళు శఠగోపం పెట్టాను, ఇట్లా అడిగినవాడు లేడు! అవును, శఠగోపం మీదున్నవి స్వామి పాదాలే. అలిపిరి పాదాల మంటపం దగ్గరైతే లోహంతో చేసిన స్వామి పాదుకల్ని జనం నెత్తిన పెట్టుకుని ప్రదక్షిణ చేస్తారు. రాముడు అడవిలో ఉన్నన్నాళ్ళూ భరతుడు పాదుకల్నే సింహాసనం మీద పెట్టి రాజ్యం చేశాడు. చెప్పు అనే వస్తువు మీద ఎవరికీ కోపం లేదు. ఎవరి చెప్పు, ఎక్కడ నుంచి వచ్చింది అన్నదే లెక్క. మన చెప్పుకి వీధి అంటుకుని ఉంటుంది, దాన్ని బయట ఆపుతాం. స్వామి పాదుక ఆయన గుర్తు, దాన్ని నెత్తిన పెట్టుకుంటాం.

బాబు: చెప్పులతో గుళ్ళోకి వెళ్ళినవాళ్ళు ఎవరూ లేరా?

ఆచార్యులు: ఉన్నాడు. శ్రీకాళహస్తిలో తిన్నడని ఒక బోయవాడు. అడవిలో శివలింగం కనబడితే దానికి రోజూ మాంసం తెచ్చి పెట్టేవాడు, పుక్కిట నీళ్ళు తెచ్చి అభిషేకం చేసేవాడు. ఒకరోజు లింగం కంట్లోంచి రక్తం కారింది. తన కన్ను పెకలించి అక్కడ పెట్టాడు, రక్తం ఆగింది. అంతలో రెండో కంట్లోంచి మొదలైంది. ఉన్న రెండోదీ పీకేస్తే చూపు ఉండదు కదా, ఎక్కడ పెట్టాలో తెలియదు. అందుకని గుర్తుకోసం చెప్పుకాలు ఎత్తి లింగం కంటి మీద ఆనించి, బాణం తీశాడు.

బాబు: చెప్పుతోనా! దేవుడి మీదనా!

ఆచార్యులు: చెప్పుతోనే. శివుడు చెయ్యి పట్టుకుని ఆపి, ఇచ్చిన కన్ను తిరిగి ఇచ్చి, కన్నప్ప అని పిలిచాడు. దారులన్నీ తిరిగి అరిగిన ఆ చెప్పే పశుపతికి దర్భల కూర్చం అయిందని శివానందలహరిలో ఒక శ్లోకం ఉంది. చూశావా, చెప్పుకాలు దేవుడికే ఆనించినవాడికి కళ్ళు పోలేదు, తిరిగొచ్చాయి.

బాబు: అయితే నేను కూడా చెప్పులతో వెళ్ళొచ్చా?

కాలర్: (వెనక నుంచి) చూశారా అండీ, వీడి వరస!

ఆచార్యులు: ఊహూ. తిన్నడికి ఆ నియమం ఒకటుందనే తెలియదు. ఆ క్షణంలో వాడికి ఇంకేమీ తోచలేదు. నీకు నియమం తెలుసు, తాతగారి నుదురు ఆనే చోటూ తెలుసు. ఈసారి బంతి లోపల పడితే గడప దగ్గర రెండు చెప్పులూ విదిలించేసి పరిగెత్తు. ఒక్క క్షణం పని. అమ్మా, మీరు కూడా వాణ్ని రేపు తీసుకెళ్ళి, వాడి చేతే ఒక చెంబెడు నీళ్ళు ఆ మంటపం మీద పోయించండి. కడిగాను అని వాడికి తెలిస్తే భయం పోతుంది. పూజారిగారికి ముందే ఒక మాట చెప్పి ఉంచండి, కసరకుండా ఉంటారు.

కాలర్: అట్లాగేనండీ. చాలా సంతోషం.

వ్యాఖ్యాత: ఇంకో కాలర్ లైన్లో ఉన్నారు. చెప్పండి సార్.

రెండో కాలర్: నాకు షుగర్ ఉందండీ, అరికాళ్ళలో స్పర్శ సరిగ్గా తెలియదు. ఎండాకాలం గుడి రాళ్ళ మీద ప్రదక్షిణ చేస్తే సాయంత్రానికి బొబ్బలు తేలాయి. కాలుతున్నట్టు కూడా నాకు తెలియలేదు. నియమం తప్పొచ్చా?

ఆచార్యులు: కాళ్ళు కాల్చుకోమని నియమం ఎక్కడా చెప్పలేదండీ. పొద్దున్నే వెళ్ళండి, లేదా పొద్దు వాలాక వెళ్ళండి. బయట తొడుక్కోకుండా గుడికోసమే ఉంచుకున్న, ఉతికిన మందపాటి నూలు సాక్సులు వేసుకుంటానని గుడివాళ్ళని అడగండి. చాలాచోట్ల కాదనరు. కానీ సాక్సులున్నాయి కదా అని మిట్టమధ్యాహ్నం రాళ్ళ మీద నడవొద్దు, వేడి వాటిలోంచి కూడా దిగుతుంది. బయటి ప్రదక్షిణ మానేసి నీడలో నిలబడి దండం పెట్టుకున్నా లోటు లేదు. ఇంటికి రాగానే అరికాళ్ళు అద్దంలో చూసుకోండి. మీకు కనబడకపోతే ఇంట్లోవాళ్ళని చూడమనండి. ఆ బొబ్బలు చిదపకండి, ఇవాళే డాక్టరుకి చూపించండి.

రెండో కాలర్: చూపిస్తానండీ. సాక్సులు వేసుకున్నాక ప్రసాదం క్యూలో నిలబడొచ్చా?

ఆచార్యులు: నిక్షేపంగా.