టవల్స్ తక్కువయ్యాయా, తప్పు ఫ్లోర్‌లో ఉన్నాయా?

హాయ్ అండి, అందరూ బాగున్నారా? ఈ రోజు మా గెస్ట్‌హౌస్‌లో దుప్పట్లు, టవల్స్ లెక్క పెట్టే రోజు. పోయిన వారం రెండో ఫ్లోర్ గెస్ట్ టవల్ అడిగితే ఆ ఫ్లోర్ అల్మరాలో రెండే ఉన్నాయి. ఇంకో డజను కొనేద్దామని మా ఆయన అన్నారు. ముందు లెక్క చూద్దామండీ అని నేనే ఆపాను.

మా లెక్కకు ఆధారం పార్. ఒక ఫ్లోర్‌లో గదులన్నీ ఒకసారి సర్దడానికి ఎన్ని కావాలో అది ఒక పార్. ఫ్లోర్‌కి నాలుగు గదులు, గదికి రెండు టవల్స్, అంటే పార్ 8. మేం మూడు పార్‌లు ఉంచుతాం. ఒకటి గదుల్లో, ఒకటి లాండ్రీలో, ఒకటి అల్మరాలో. అంటే ఫ్లోర్‌కి 24 ఉండాలి.

గదులు సర్దడం అయ్యాక, లాండ్రీ బండి రాకముందే మొదలుపెడతాను. మధ్యలో ఒక్క మూట కదిలినా అవే టవల్స్ రెండుసార్లు లెక్కలోకి వస్తాయి. లాండ్రీలో ఉన్నవాటికి ఫ్లోర్ వారీగా చీటీ ఉంటుంది. దుప్పట్లు మాత్రం మడత చూసి లెక్కపెట్టకండి. డబుల్, సింగిల్ మడతలో ఒకేలా కనిపిస్తాయి, ఒక్కోసారి ఒకదానిలో ఇంకోటి దూరి ఉంటుంది. నేను ప్రతి దాని అంచూ వేలితో విడదీసి చూస్తాను.

ఇక టవల్స్. మొదటి ఫ్లోర్‌లో గదుల్లో 8, లాండ్రీలో 8, అల్మరాలో 14. మొత్తం 30! రెండో ఫ్లోర్‌లో గదుల్లో 8, లాండ్రీలో 7, అల్మరాలో 2. మొత్తం 17. రెండూ కలిపితే 47, ఉండాల్సింది 48. బిల్డింగ్ మొత్తానికి ఒకే లెక్క రాసుకుని ఉంటే ఒక్కటే తక్కువ కదా అని వదిలేసేదాన్ని. ఆరు టవల్స్ పక్క ఫ్లోర్‌లో ఉన్నాయని తెలిసేదే కాదు.

ఎందుకలా అయిందంటే, లాండ్రీ నుంచి అన్నీ ఒకే మూటగా వస్తున్నాయి. బరువు మోయలేక మా అమ్మాయి మొదటి ఫ్లోర్ అల్మరాలోనే సర్దేస్తోంది. తన తప్పు కాదండి, మూట అంత బరువుంటుంది. ఇకనుంచి కింద హాల్లోనే ఫ్లోర్ వారీగా విడదీసి, రెండు చిన్న సంచుల్లో పైకి పంపిస్తున్నాం. రెండో ఫ్లోర్ టవల్స్ మూలన ఎర్ర దారంతో నాలుగు కుట్లు వేశాను, మడత విప్పకుండానే కనిపించేలా.

మిగిలిన ఆ ఒక్కటీ రెండో ఫ్లోర్ సింక్ కింద దొరికింది. మరక పడితే తుడుపు గుడ్డ చేసేశారు. అలా చేసుకోవచ్చు, కానీ పుస్తకంలో రాయాలి. అందుకే దాని మూల కత్తిరించి, పాతవాటి ఖాతాలో వేసి, కొనాల్సినవాటిలో రెండో ఫ్లోర్ పేరున ఒక్క టవల్ రాసుకున్నాను.