ఈ రాత్రికి మూడే అంశాలు

అందరికీ ప్రభువు నామంలో వందనాలు. పొద్దంతా పని చేసి, ఇంట్లో వాళ్లకు అన్నం పెట్టి, కొందరు మీరు తినకుండానే వచ్చారని నాకు తెలుసు. తొమ్మిదికల్లా ముగిద్దాం.

ఈ బుధవారం నుంచి కూడికలో ఒక మార్పు చేస్తున్నాం. ఇన్నాళ్లూ ఆ పెట్టెలో పడిన ప్రార్థన చీటీలన్నీ చదివేవాళ్లం. పోయిన వారం లెక్కపెట్టాను, 43 ఉన్నాయి. చదవడానికే ఇరవై నిమిషాలు పట్టింది. ఆ తర్వాత అందరం కలిసి గొంతెత్తి పది నిమిషాలు ప్రార్థించి ఆమెన్ అన్నాం. ఆ రాత్రి ఇంటికెళ్లి పడుకున్నాక ఆ చీటీల్లో ఎన్ని గుర్తున్నాయో చూసుకున్నాను. ఆరు దాటలేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆ సహోదరిని అడిగాకే చెబుతున్నాను. నిరుడు ఆమె తన భర్త మెడ మీద లేచిన గడ్డ గురించి చీటీ వేసింది. డాక్టర్లు ముక్క తీసి పరీక్షకు పంపారు. నేను ప్రతి బుధవారం ఆ చీటీ చదివి, "ప్రభువా, నీ బిడ్డను ముట్టి స్వస్థపరచు" అని ప్రార్థిస్తూ వచ్చాను. ఒక రాత్రి కూడిక అయ్యాక ఆమె గుమ్మం దగ్గర ఆగి, "అయ్యగారూ, కేన్సర్ కాదని రిపోర్టు వచ్చి పన్నెండు రోజులైందండి" అంది. అంతకు మించి ఏమీ అనలేదు. అనాల్సిన పని కూడా లేదు. దేవుడు ఇచ్చాడు, ఆ ఇంట్లో వాళ్లు పుచ్చుకున్నారు. అడిగిన నేను మాత్రం ఇచ్చాడో లేదో చూడకుండా ఇంకా అడుగుతూనే ఉన్నాను. నోటితో అడిగానే గాని, కళ్లతో కనిపెట్టలేదు. అప్పటి నుంచి ఈ సంగతి నన్ను వదల్లేదు.

బైబిలు తెరవండి. రోమీయులకు రాసిన పత్రిక 15వ అధ్యాయం, 30 నుంచి 32 వచనాలు. పౌలు "మీరు నాకొరకు దేవునికి చేయు ప్రార్థనలయందు నాతో కలిసి పోరాడవలెనని" బతిమాలుకుంటున్నాడు. పోరాడడమంటే ఇక్కడ గట్టిగా అరవడం కాదు. దేని కోసం పోరాడాలో వెంటనే చెబుతున్నాడు, అదీ లెక్కపెట్టగలిగినంత చిన్న జాబితాలో. ఒకటి, యూదయలో ఉన్న అవిధేయుల చేతుల్లోనుంచి తాను తప్పింపబడాలి. రెండు, యెరూషలేములో చేయబోయే పరిచర్య అక్కడి పరిశుద్ధులకు ప్రీతికరం కావాలి. మూడు, దేవుని చిత్తంవల్ల సంతోషంతో రోమాకు వచ్చి వాళ్లతో కలిసి విశ్రాంతి పొందాలి.

పౌలుకు అవసరాలు మూడే ఉన్నాయా? కొరింథులో గొడవలు ఉన్నాయి, గలతీయ సంఘాల బెంగ ఉంది, ఒంట్లో ముల్లు ఉంది. సంఘాలన్నిటి చింత రోజూ తన మీద ఉందని తనే రాసుకున్నాడు. అయినా రోమావాళ్లకు ఈ మూడే ఇచ్చాడు. ఎందుకంటే ప్రయాణం ముందుంది. మాసిదోనియ, అకయ సంఘాలవాళ్లు పోగుచేసిన చందా పట్టుకుని యెరూషలేముకు వెళ్తున్నాడు. అక్కడ అతణ్ణి చంపాలని చూసేవాళ్లు ఉన్నారు. విశ్వాసుల్లో కూడా, ఇతడు మోషే ధర్మశాస్త్రాన్ని విడిచిపెట్టమంటున్నాడని విన్నవాళ్లు ఉన్నారు. అన్యజనుల చేతి డబ్బు వాళ్లు పుచ్చుకుంటారో లేదో తెలియదు. అంటే ఈ మూడు అంశాలూ ఆ ఒక్క ప్రయాణంలోంచి పుట్టినవే.

రోమాలో ప్రిస్కిల్ల, అకుల ఇంట్లో కూడే సంఘం ఉండేది. ఈ పత్రిక వాళ్ల మధ్య చదివినప్పుడు ఆ మూడు మాటలూ ఎవరికైనా నోటికి వచ్చేసి ఉంటాయి. పనిలో ఉన్నా, నడుస్తున్నా తలుచుకోవచ్చు. మరి జవాబు ఎలా వచ్చింది? అది అపొస్తలుల కార్యములలో ఉంది, 21వ అధ్యాయం నుంచి చివరిదాకా. ఇంటికెళ్లి ఆ మూడు అంశాలూ పక్కన రాసి పెట్టుకుని చదవండి.

రెండో అంశానికి జవాబు ముందు వచ్చింది. యెరూషలేము చేరగానే సహోదరులు సంతోషంతో చేర్చుకున్నారని లూకా ఒక్క మాటలో రాసి ముందుకు సాగిపోయాడు.

మొదటి అంశం దగ్గర మాత్రం ఆగాలి. "తప్పింపబడాలి" అని అడిగితే పౌలు దొరికిపోయాడు! దేవాలయంలోనుంచి ఈడ్చుకుపోయి కొడుతున్నారు. ఆ రోజున ఎవరైనా రోమాకు కబురు చెప్పి ఉంటే, మన ప్రార్థన పోయిందనే అనుకునేవాళ్లు. కానీ పటాలపు పై అధికారి పరుగెత్తుకొచ్చి జనం చేతుల్లోనుంచి లాగేశాడు. తర్వాత నలభైమందికి పైగా, పౌలును చంపేదాకా అన్నపానాలు ముట్టమని ఒట్టు పెట్టుకున్నారు. ఆ మాట పౌలు మేనల్లుడి చెవిన పడింది. ఆ కుర్రాడు కోటలోకి వెళ్లి చెప్పాడు. ఆ రాత్రి తొమ్మిది గంటలకు, మనం ఈ కూడిక ముగించే వేళకు, ఇన్నూరుమంది సిపాయిలు, డెబ్బైమంది గుర్రపు రౌతులు, ఇన్నూరుమంది ఈటెలవాళ్లు కలిసి ఒక్క మనిషిని ఊరు దాటించారు. 470 మంది. తప్పించమని అడిగితే తప్పించాడు. ఎలా తప్పించాలో మాత్రం రోమావాళ్లను అడగలేదు.

మూడోది అన్నిటికంటే ఆలస్యమైంది. కైసరయలో రెండేళ్లు జైలు. ఆ తర్వాత ఓడ, తుఫాను, సముద్రం మీద పద్నాలుగు రాత్రులు, ఓడ బద్దలవడం, మెలితే ద్వీపంలో మూడు నెలలు. పత్రిక రాసిన దాదాపు మూడేళ్లకు గాని పౌలు రోమా దారి పట్టలేదు, అదీ సంకెళ్లతో. అయితే 28వ అధ్యాయం 15వ వచనం చూడండి. రోమాలోని సహోదరులు అప్పీయా సంతపేట వరకూ ఎదురు వచ్చారు. అది పట్టణానికి అరవై కిలోమీటర్లకు పైనే. నడిచి వచ్చే దూరమా అది! మూడేళ్ల కింద అడిగిన సంగతిని ఇంకా కనిపెడుతున్నవాళ్లు తప్ప ఎవరొస్తారు? వాళ్లను చూసి పౌలు దేవునికి కృతజ్ఞతాస్తుతులు చెల్లించి ధైర్యం తెచ్చుకున్నాడు. సంతోషంతో వచ్చి విశ్రాంతి పొందాలన్న మూడో అంశానికి జవాబు ఆ రోడ్డు మీదే మొదలైంది.

దీన్నిబట్టి మన చీటీలు రాసే పద్ధతి మార్చుకుందాం. "మా కుటుంబాన్ని దీవించండి" అని రాస్తే, దీవించాడో లేదో వచ్చే బుధవారం ఎలా తెలుస్తుంది? లూకా 11లో అర్ధరాత్రి తలుపు తట్టినవాడు మూడు రొట్టెలు అడిగాడు. ఇంటికి ఒక స్నేహితుడు వచ్చాడు, పెట్టడానికేమీ లేదు. ఎవరి కోసమో, ఏం కావాలో, ఎంత కావాలో, అన్నీ ఆ తలుపు దగ్గరే చెప్పేశాడు.

ఒక చీటీ మనమే సరిచేసి చూద్దాం. పెట్టెలో ఇలా ఉంది: "కువైట్‌లో ఉన్న అక్క కోసం ప్రార్థించండి." రాసినావిడను నిన్న కలిసి అడిగాను. అక్క అక్కడ ఇంటి పనిలో ఉంది. ఆమె కూతురికి ఇది తొలి కాన్పు. వచ్చే నెల మూడో వారంలో నొప్పులు రావచ్చని డాక్టరమ్మ చెప్పింది. అక్క రావాలనుకుంటోంది. పాస్‌పోర్టు కఫీల్ దగ్గర, అంటే ఆమెను పనిలో పెట్టుకున్న యజమాని దగ్గర ఉంది, సెలవు ఇప్పుడు కుదరదంటున్నాడు. మొదట నేను, "ప్రభువా, ఈ నెల 25 లోపు కఫీల్ పాస్‌పోర్టు ఇచ్చేలా చేయి" అని రాశాను. రాసి చూసుకుంటే, అది దేవునికి దారి చెప్పినట్టుంది. అసలు అవసరం పాస్‌పోర్టు కాదు, పురిటి వేళ ఆ పిల్ల పక్కన తల్లి ఉండడం. అందుకని కొట్టేసి ఇలా రాశాను: "కూతురి కాన్పు నాటికి తల్లి ఇంట్లో ఉండాలి. ఆ ఇంటి యజమాని మనసు మెత్తబడాలి. అంతవరకూ కూతురికి భయం పోవాలి." తేదీ ఉంది, మనుషులు ఉన్నారు. కఫీల్ ద్వారానో, అక్కడి మన రాయబార కార్యాలయం ద్వారానో, ఇంకో రకంగానో, దారి ఆయనది. యజమాని పాస్‌పోర్టు తన దగ్గర పెట్టుకోవడం అక్కడి చట్టానికి కూడా విరుద్ధమే. ఆ సంగతి తెలిసినవాళ్లు మనలో ఒకరున్నారు, రేపు ఆ ఇంటికి వెళ్తామన్నారు.

చీటీ వేసేముందు ఆ మనిషిని అడగండి. ఒకరి ఇంటి గుట్టు ప్రార్థన అంశం పేరుతో మన మధ్యకు వచ్చి, ఇక్కడినుంచి బజారుకెక్కిన సందర్భాలు ఉన్నాయి. "ఫలానావాళ్లబ్బాయి తాగుతున్నాడంట" అని చెవులు కొరుక్కుంటూ మొదలైనది ప్రార్థనగా ముగియదు. చెప్పవద్దన్నారా, పేరు లేకుండా అవసరమే రాయండి. దేవునికి చిరునామా అక్కర్లేదు.

మిగిలిన 40 చీటీలు పారేయడం లేదు. కూడిక అయ్యాక తలుపు దగ్గర తలా ఒకటి తీసుకెళ్లండి. వారమంతా ఆ ఒక్కదాని కోసం మీ ఇంట్లో ప్రార్థన చేయండి. ఏమైందో కనుక్కుని వచ్చే బుధవారం తిరిగి తెచ్చి ఇవ్వండి. ఈ నోటుపుస్తకంలో ఎడమ పేజీలో అంశం, అడిగిన తేదీ రాస్తాం. కుడి పేజీ ఖాళీగా ఉంచుతాం. జవాబు "లేదు" అని వచ్చినా అక్కడే రాస్తాం, దాచం. ముల్లు తీసేయమని పౌలు మూడుసార్లు అడిగితే వచ్చిన జవాబును కూడా ఆయన రాసి పెట్టాడు కదా.

ఈ రాత్రి అంశాలు మూడు. ఒకటి, కువైట్ అక్క. రెండు, మన తాతగారి కంటి ఆపరేషన్. షుగర్ తగ్గలేదని రెండుసార్లు వాయిదా వేశారు, శుక్రవారం ఉదయం మళ్లీ చూస్తారు. షుగర్ అదుపులోకి రావాలి, ఈసారి వాయిదా పడకూడదు. మూడు, పొలం గట్టు దగ్గర మాట పడి ఏడాదిగా మాట్లాడుకోని ఇద్దరు అన్నదమ్ములు. వాళ్లమ్మ సంవత్సరీకం ఆదివారం. ఒకే పంక్తిలో కూర్చుని అన్నం తినాలి. అంతే అడుగుదాం.

ఒక్కో అంశానికి పది నిమిషాలు. ముందు నేను చదువుతాను, ఒక నిమిషం అందరం మౌనంగా ఆ మనిషిని మనసులో పెట్టుకుందాం. తర్వాత నలుగురైదుగురు ఒకరి తర్వాత ఒకరు, నాలుగు మాటల్లో ప్రార్థించండి. ఆ పది నిమిషాలూ ఆ అంశం దాటవద్దు. ముందువాళ్లు అడిగిందే మీ నోటికొస్తే మళ్లీ అడగండి, తప్పులేదు. అమ్మా, వెనక చాప మీద ఉన్నవాళ్లు కాస్త ముందుకు రండి, వినపడాలి.

మొదటి అంశం. కూతురి కాన్పు నాటికి తల్లి ఇంట్లో ఉండాలి. కళ్లు మూసుకుందాం.