తవుడు డబ్బులు ఎవరివి? అన్నదమ్ముల మిల్లు పంచాయితీ

వ్యాఖ్యాత: నమస్కారం. ఈ రోజు మనతో ఒక ఆడిటర్ గారు ఉన్నారు. అన్నదమ్ముల వ్యాపార తగాదాల్లో మధ్యస్థుడిగా కూర్చుంటారు. సార్, ఒక రైస్ మిల్లు కథ చెప్తానన్నారు.

ఆడిటర్: గోదావరి జిల్లాల్లో జరిగింది. ఊరు, పేర్లు వద్దు, అంకెలు కూడా కొంచెం మార్చి చెప్తాను. తండ్రి బతికుండగానే ఫర్మ్ నుంచి తప్పుకుని కొడుకులిద్దరికీ చెరి సగం రాశారు. స్థలం, షెడ్లు మాత్రం ఆయన పేరునే ఉన్నాయి. వీలునామా రాయకుండానే పోయారు.

వ్యాఖ్యాత: గొడవ ఎక్కడ మొదలైంది?

ఆడిటర్: తవుడు దగ్గర. అన్నయ్య ఇంటర్ అయ్యాక మిల్లులో దిగినవాడు. ధాన్యం కొనడం, హమాలీలు, బాయిలర్, అన్నీ ఆయనే చూస్తాడు. తమ్ముడు కొన్నేళ్లు విదేశంలో ఉద్యోగం చేసి వచ్చి, రంగు మారిన బియ్యం ఏరేసే సార్టెక్స్ మిషన్‌కి డబ్బు పెట్టాడు. హైదరాబాద్‌లో ఉండి బియ్యం అమ్మకాలు చూస్తాడు. తవుడు, నూక నగదుకి అమ్ముతున్నారు, ఆ డబ్బు లెక్కలోకి రావట్లేదని తమ్ముడి అనుమానం. నేను ఇరవై ఏళ్లు దుమ్ములో బతికాను, వాడికీ నాకూ ఒకటే వాటానా అని అన్నయ్య బాధ.

వ్యాఖ్యాత: ఇద్దరిదీ న్యాయమే అనిపిస్తోంది.

ఆడిటర్: చట్టం మాత్రం అన్నయ్య వైపు లేదు. 1932 నాటి భాగస్వామ్య చట్టంలో 13వ సెక్షన్ ఉంది. ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే, వ్యాపారం నడిపినందుకు భాగస్థుడికి జీతం రాదు, లాభం సమానం. వీళ్ల డీడ్ రెండు పేజీలే, జీతం ఊసే లేదు. అంటే ఆయన అన్నేళ్ల కష్టానికి కాగితం మీద విలువ సున్నా.

వ్యాఖ్యాత: మీరు ముందు ఏం చేశారు?

ఆడిటర్: ఇద్దరితో విడివిడిగా మాట్లాడాను. ఫీజు చెరి సగం ఇవ్వాలన్నాను. ఒక్కడే ఇస్తే రెండోవాడు నా మాట వినడు. వాళ్ల మిల్లు లెక్కలు రాసే ఆడిటర్ వేరే ఆయన, ఆయన్ని ఈ పనికి పెట్టుకోవద్దని కూడా చెప్పాను. ఆయన రాసిన పుస్తకాల మీదే కదా అనుమానం!

తర్వాత తవుడు సంగతి తేల్చాలి. ఎంత ధాన్యం ఆడితే ఎంత తవుడు రావాలో మిల్లువాళ్లందరికీ తెలుసు. ధాన్యం కొన్న పట్టీలు, కరెంటు బిల్లులు పక్కపక్కన పెట్టి మూడేళ్ల లెక్క కట్టాం. తవుడు అమ్మకం నిజంగానే పుస్తకాల్లో తక్కువ ఉంది. అప్పుడు అన్నయ్య గుమాస్తా దగ్గరి చేతి పుస్తకం తెప్పించాడు. నూనె మరకలతో, పెన్సిల్ రాతతో ఉంది. తవుడు డబ్బులో ఎక్కువ భాగం హమాలీ కూలీలకీ, లారీ బత్తాలకీ పోయింది. కొంత అన్నయ్య ఇంటి ఖర్చుకీ పోయింది.

వ్యాఖ్యాత: అయితే తమ్ముడి అనుమానం పూర్తిగా తప్పు కాదు.

ఆడిటర్: కాదు. కానీ వాడు ఊహించుకున్నంతా లేదు. ఇక్కడే చాలా పంచాయితీలు చెడతాయి. ఆ లెక్క తీయగానే అన్నయ్య, నీ చదువుకి నాన్న మిల్లు డబ్బే కదా కట్టాడు అన్నాడు. తమ్ముడు, నీ కూతురి పెళ్లి ఖర్చు మాటేంటి అన్నాడు. అలా వెనక్కి పోతే అంతుండదు. అందుకని ఒక తేదీ గీశాం. తండ్రి పోయిన నాటికి ముందువి ఎవరూ తవ్వకూడదు. ఆ తర్వాత ఎవరు ఇంటికి తీసుకున్నది వాళ్ల సొంత వాడకాల కింద రాసి, వాళ్ల పెట్టుబడిలోంచి తగ్గించాం.

వ్యాఖ్యాత: ఆ తర్వాత వాటాలు?

ఆడిటర్: వాటా మార్చమని నేను చెప్పలేదు. చెరి సగమే ఉంచాను. పనికి వచ్చేది, పెట్టుబడికి వచ్చేది, యజమానిగా వచ్చేది విడదీశాను. అన్నయ్య పనికి బయటి మేనేజర్‌ని పెడితే ఎంత అవుతుంది? నెలకి లక్ష అని ఇద్దరూ ఒప్పుకున్నారు. తమ్ముడి పనికి నెలకి యాభై వేలు. పెట్టుబడి అన్నయ్యది 50 లక్షలు, తమ్ముడిది 80 లక్షలు. దాని మీద 12 శాతం వడ్డీ. భాగస్థుల వడ్డీ అంతకు మించితే ఆదాయపు పన్నులో ఖర్చుగా ఒప్పుకోరు. జీతానికీ పరిమితి ఉంది, పైగా రెండూ డీడ్‌లో రాసి ఉండాలి.

వ్యాఖ్యాత: అంకెల్లో చెప్పండి సార్.

ఆడిటర్: ఏడాదికి 60 లక్షలు మిగిలిందనుకోండి. జీతాలు 12, 6. వడ్డీలు 6, 9.6. పోగా మిగిలింది 26.4 లక్షలు, చెరి సగం 13.2. మొత్తం కలిపితే అన్నయ్యకి 31.2 లక్షలు, తమ్ముడికి 28.8. పాత పద్ధతిలో అయితే చెరి 30.

వ్యాఖ్యాత: ఇంత గొడవా లక్షా ఇరవై వేల కోసమా!

ఆడిటర్: వాళ్లూ అదే అన్నారు. కానీ అన్నయ్యకి కావాల్సింది తన పనికి ఒక అంకె. రేపు ఆయనకి ఒంట్లో బాగోక మానేస్తే జీతం ఆగుతుంది, వాటా ఆగదు. ఆ తేడా తెలిశాక ఇద్దరూ కాస్త చల్లబడ్డారు.

అధికారాలు కూడా రాశాం. సీజన్‌లో ధాన్యం ధర అన్నయ్య నిర్ణయం, తమ్ముడు అడ్డు పెట్టకూడదు. బియ్యం అరువు ఎవరికి ఇవ్వాలో తమ్ముడి నిర్ణయం. అయిదు లక్షలు దాటిన చెక్కుకీ, కొత్త అప్పుకీ ఇద్దరి సంతకం.

వ్యాఖ్యాత: స్థలం తండ్రి గారి పేరున ఉందన్నారు.

ఆడిటర్: అసలు ప్రమాదం అదే. ఇద్దరూ సగం సగం అనుకుంటున్నారు. స్థలం ఆయన స్వార్జితం, వీలునామా లేదు. కాబట్టి తల్లి, ఇద్దరు కొడుకులు, కూతురు, నలుగురికీ తలా పావు వంతు. చెల్లెల్ని ఎవరూ అడగనే లేదు. ఆ అమ్మాయి సంతకం లేకుండా బ్యాంకు తనఖా తీసుకోదు. పిలిచి అడిగితే, వాటా వదులుకోను, అమ్మనూ అమ్మను, అద్దె ఇవ్వండి చాలు అంది. ఫర్మ్ ఇప్పుడు నలుగురికీ అద్దె కడుతోంది. ఇందాకటి 60 లక్షలు ఆ అద్దె పోగా.

వ్యాఖ్యాత: ఇంట్లో కూర్చుని రాసుకున్న కాగితం చెల్లుతుందా?

ఆడిటర్: నోటిమాటగా ముందే జరిగిన కుటుంబ ఒప్పందాన్ని తర్వాత గుర్తుకోసం రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదని సుప్రీంకోర్టు 1976లో చెప్పింది. ఆ కాగితమే కొత్తగా స్థిరాస్తి హక్కులు ఇస్తుంటే మాత్రం రిజిస్టర్ చేయాల్సిందే. ఇంకోటి, కంపెనీ అయితే ఇంటి కాగితం సరిపోదు. అంబానీ సోదరుల విషయం తెలుసుగా. 2005లో తల్లి కోకిలాబెన్ మధ్యవర్తిత్వంతో పంచుకున్నారు. గ్యాస్ ధర దగ్గర మళ్లీ కోర్టుకెక్కారు. కుటుంబ ఒప్పందం కంపెనీని కట్టిపడేయదని 2010లో తీర్పు వచ్చింది. అందుకే వీళ్లతో కొత్త భాగస్వామ్య డీడ్, అద్దె ఒప్పందం, రెండూ విడిగా రాయించాను.

వ్యాఖ్యాత: ఎప్పుడైనా విడిపోదామంటే?

ఆడిటర్: ఒకరు ధర చెప్పాలి, ఆ ధరకి కొనాలో అమ్మాలో రెండోవారు ఎంచుకోవాలి. అప్పుడు ఎవరూ తక్కువ చెప్పరు. దీంట్లో ఒక లోపం ఉంది. చేతిలో డబ్బు లేనివాడు ధర తక్కువైనా కొనలేడు, అమ్ముకోవాల్సి వస్తుంది. ఇక్కడ డబ్బున్నవాడు తమ్ముడు. అందుకని మూడేళ్ల వాయిదాల్లో కట్టే వీలు పెట్టాం.

వ్యాఖ్యాత: పిల్లలు మిల్లులోకి వస్తే?

ఆడిటర్: ముందు రెండేళ్లు బయట ఉద్యోగం చేయాలని రాయబోతే తోడికోడళ్లిద్దరూ ఒప్పుకోలేదు. వాళ్లు ఒక్క మాట మీద ఉన్నది అదొక్కటే! తీసేశాం.

వ్యాఖ్యాత: అయితే మళ్లీ మీ దగ్గరకే వస్తారు.

ఆడిటర్: వేరేవాళ్లని చూసుకోమన్నాను. పోయిన ఏడాది నుంచి అన్నయ్య సొంత ట్యాక్స్ ఫైల్ నా ఆఫీసులోనే ఉంది. ఇక నేను మధ్యస్థుణ్ని ఎలా అవుతాను?