అడగాలా, సాగిపోవాలా?

వ్యాఖ్యాత: కిరాణా హోల్‌సేల్ దుకాణానికి మీరు రాసిన సాఫ్ట్‌వేర్ బిల్లుల ఫొటోలు చదివి లెక్కల్లో ఎక్కిస్తుంది. సందేహం వస్తే గుమాస్తాను అడుగుతుంది. ఎప్పుడు అడగాలో దానికి ఎలా నేర్పారు?

అతిథి: మొదట ఒకే గీత గీశానండి. చదివినదానిపై యంత్రం నమ్మకం 95 శాతం దాటితే ఎక్కించు, లేకపోతే అడుగు. వారంలోనే గుమాస్తా విసిగిపోయాడు. బస్తాలు లెక్కపెడుతుంటే ఫోను మోగేది, “ఈ సరుకు పేరు సరైనదేనా?” అని. లెక్క మళ్లీ మొదటికి!

వ్యాఖ్యాత: మరి గీత ఎక్కడ గీయాలి?

అతిథి: బిల్లులోని ప్రతి గడికీ వేరుగా. తప్పు జరిగే అవకాశాన్ని, దానివల్ల వచ్చే నష్టంతో గుణించండి. అది అడిగే ఖర్చును మించితేనే అడగాలి. గుమాస్తాను ఒకసారి ఆపితే 5 రూపాయల పని పోతుందనుకుందాం. బిల్లులో చెల్లించాల్సిన మొత్తం తప్పుగా ఎక్కితే 1000 రూపాయల నష్టం. అంటే తప్పుకు అవకాశం అర శాతం దాటినా అడగాల్సిందే. సరుకు పేరులో అక్షరం పోతే సరిదిద్దడానికి 10 రూపాయలు. అక్కడ సగానికి సగం అనుమానం ఉన్నా సాగిపోవచ్చు.

వ్యాఖ్యాత: అడిగితే అతను సరిగ్గా చూస్తాడన్న హామీ ఉందా?

అతిథి: అసలు చిక్కు అక్కడే ఉంది. ప్రశ్నలు పెరిగితే చూడకుండానే “సరే” నొక్కేస్తాడు. తప్పుల్లో సగమే పట్టుకుంటే, అడగడం వల్ల ఆదా అయ్యేది 1000 కాదు, 500. గీత అర శాతం నుంచి 1 శాతానికి జరుగుతుంది. మనిషి అలసిపోయాడని ఇంకా ఎక్కువ అడిగేవాళ్లను చూశాను. తక్కువ అడగాలండి!

వ్యాఖ్యాత: చూడకుండా నొక్కుతున్నాడని ఎలా తెలుస్తుంది?

అతిథి: జవాబుకు పట్టిన సమయం చూడండి. అర సెకనులో వచ్చిన “సరే” చదివి నొక్కినది కాదు. ఇంకా నమ్మకమైన దారి, కావాలని తప్పుగా మార్చిన బిల్లులు కొన్ని మధ్యలో పెట్టి ఎన్ని పట్టుకున్నాడో లెక్కించడం. అతనికి ముందే చెప్పి చేయాలి, లేకపోతే నమ్మకం పోతుంది.

వ్యాఖ్యాత: యంత్రం చెప్పే శాతాన్ని నమ్మవచ్చా?

అతిథి: పరీక్షించకుండా వద్దు. “99 శాతం” అన్న గడులు 500 తీసి చేత్తో సరిచూశాం. సుమారు 5 తప్పులు ఉండాలి. 20 దొరికాయి. అంటే తప్పుకు అవకాశం 1 శాతం కాదు, 4. గీత ఎంత జాగ్రత్తగా గీసినా ఆ అంకె అబద్ధమైతే ఏం లాభం?

వ్యాఖ్యాత: ఇప్పుడు ఫోను మోగడం తగ్గిందా?

అతిథి: దాదాపు ఆగిపోయింది. సరఫరాదారులకు చెల్లింపు శనివారమే, తొందర లేదు కాబట్టి ప్రశ్నలన్నీ సాయంత్రానికి పోగు చేస్తాం. టీ తాగుతూ ఒక్కసారిగా చూస్తాడు. ఒక్కో ప్రశ్న ఖర్చు 5 నుంచి 1 రూపాయికి దిగింది కాబట్టి, మొత్తాల విషయంలో ఇంకా చిన్న అనుమానాలు కూడా అడగగలుగుతున్నాం. సరఫరాదారు బ్యాంకు ఖాతా నంబరు మారితే మాత్రం సాయంత్రం దాకా ఆగం, యజమానికే ఫోను చేస్తాం. ఆ డబ్బు వెళ్లిందంటే వెనక్కి రప్పించడం చాలా కష్టం.