బీప్ తర్వాత ఇరవై సెకన్లు: సెలవు మెసేజ్ ఎలా పెట్టాలి

అందరికీ నమస్కారం. మీలో చాలామంది అమెరికాలో కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు. పొద్దున ఆరుకి షిఫ్టు. నాలుగున్నరకి ఒళ్లు కాలిపోతూ లేచి మేనేజర్‌కి ఫోన్ చేస్తే ఎత్తరు, వాయిస్ మెయిల్ బీప్ వస్తుంది. అక్కడి నుంచి ఏం మాట్లాడాలో చూద్దాం.

మనవాళ్లు చాలామంది క్షమాపణతో మొదలుపెట్టి, రాత్రి నుంచి పడ్డ అవస్థంతా చెబుతారు. పేరు చివర్లో గొణుగుతారు, నంబరు చెప్పరు. మేనేజర్‌కి ముందు తెలియాల్సింది ఎవరు రావట్లేదు, ఏ షిఫ్టు ఖాళీ అన్నదే. అది తెలిస్తేనే ఇంకొకరిని పిలవగలరు.

ఒక కిరాణా స్టోరులో వండిన తిండి, కోసిన మాంసం, చీజ్ అమ్మే డెలి కౌంటర్లో పనిచేసే అమ్మాయి అనుకోండి. ఇంగ్లీషులో ఈ అర్థం వచ్చేలా చెబితే చాలు: "నేను లక్ష్మి, డెలి కౌంటర్. ఈరోజు మంగళవారం, ఆరు గంటల షిఫ్టుకి రాలేను, జ్వరంగా ఉంది. నా నంబరు 972, 555, 0142. ఏడింటి వరకు ఫోన్ దగ్గరే ఉంటాను. రేపటి షిఫ్టు సంగతి సాయంత్రం నాలుగింటికి నేనే ఫోన్ చేసి చెబుతాను. మళ్లీ నంబరు, 972, 555, 0142."

వారం పేరు ఎందుకంటే, మెసేజ్ ఎప్పుడు వింటారో మనకు తెలియదు. ఆలస్యంగా వింటే "ఈరోజు" ఏ రోజో అర్థం కాదు. నంబరును మూడు, మూడు, నాలుగు అంకెలుగా విడగొట్టి, మధ్యలో ఆగుతూ చెప్పండి, వినేవాళ్లు రాసుకోగలుగుతారు. "అవసరమైతే ఫోన్ చేయండి" అంటే సరిపోదు. ఏడింటికి నిద్రపోతే ఆ ఫోన్ ఎత్తేదెవరు? అందుకే ఎప్పటివరకు దొరుకుతారో, మళ్లీ ఎప్పుడు మీరే చేస్తారో గంటతో సహా చెప్పాలి.

జబ్బు గురించి మామూలుగా ఒక్క మాట చాలు. తిండి పదార్థాలు ముట్టుకునే పనిలో మాత్రం వాంతులు, విరేచనాలు, పచ్చకామెర్లు, జ్వరంతో గొంతునొప్పి ఉంటే దాచకూడదు. అమెరికా ప్రభుత్వ ఆహార, మందుల సంస్థ ఎఫ్‌డీఏ రాసిన ఫుడ్ కోడ్ ప్రకారం ఇవి పై అధికారికి చెప్పాల్సినవే. మొహమాటపడి "కాస్త నలతగా ఉంది" అనకండి.

గొంతు పూడుకుపోయి ఉంటుంది కాబట్టి ముందు రెండు గుక్కలు గోరువెచ్చని నీళ్లు తాగండి. లేచి కూర్చోండి, పడుకుని మాట్లాడితే మాటలు మింగేసినట్టు వినిపిస్తుంది. స్పీకర్ వద్దు, ఫ్యాన్ ఆపేయండి. మెసేజ్ కాగితం మీద రాసుకుని చదవండి. చాలా సిస్టమ్‌లలో అయ్యాక # నొక్కితే మన మెసేజ్ మనమే విని, బాగాలేకపోతే మళ్లీ రికార్డు చేసుకోవచ్చు.

ఇంకొకటి. కొన్ని చోట్ల వాయిస్ మెయిల్ పెడితే చెప్పినట్టు లెక్క కాదు, మనిషితోనే మాట్లాడాలి. ఆ రూలు ఉద్యోగుల హ్యాండ్‌బుక్‌లో ఉంటుంది, ఒంట్లో బాగున్నప్పుడే చూసి పెట్టుకోండి. అయిదున్నర దాటినా మేనేజర్ నుంచి జవాబు రాకపోతే స్టోరు మెయిన్ నంబరుకి చేసి, డ్యూటీలో ఉన్న సూపర్‌వైజర్‌కి అదే సంగతి చెప్పి, వాళ్ల పేరు రాసి పెట్టుకోండి.