ఎవరి ముందు ‘ఫ్రెండ్’ అన్నాడు?

రెండేళ్లుగా ప్రేమించుకుంటున్నారు, పెళ్లి మాటలు కూడా మాట్లాడుకున్నారు, తీరా నలుగురి ముందు పరిచయం చేయాల్సి వస్తే ‘మా ఫ్రెండ్’ అని ఊరుకుంటాడు. వినగానే మోసగాడనేవాళ్లు కొందరు, పాపం ఇంట్లో భయమేమో అనేవాళ్లు కొందరు. నేనైతే ముందు ఒకటే అడుగుతాను: ఎవరి ముందు అన్నాడు?

నా దగ్గరికి వచ్చిన ఒక అమ్మాయి సంగతి చెప్తాను, పేరు వద్దు. నల్లగొండ బస్టాండ్‌లో ఇద్దరూ దేవరకొండ బస్సు కోసం నిలబడి ఉంటే అబ్బాయి మేనమామ ఎదురయ్యాడు. ‘మామా, మా క్లాస్‌మేట్, ఫ్రెండ్’ అనేసి, ఆమె చేతిలో ఉన్న తన బ్యాగు మెల్లగా తీసేసుకున్నాడు. ఆమెకు ఏడుపొచ్చింది. నేను మాత్రం దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఇద్దరి కులాలు వేరు, మామకు తెలిస్తే బస్సు ఊరు చేరకముందే ఇంట్లో తెలిసిపోతుంది. 2018లో మిర్యాలగూడలో కులాంతర పెళ్లి చేసుకున్న పిల్లవాణ్ని ఆస్పత్రి బయట, గర్భవతి అయిన భార్య పక్కనే చంపారు. ఆ కేసులో తీర్పు 2025లో మన నల్లగొండ కోర్టులోనే వచ్చింది. ఈ జిల్లాలో ఆ భయాన్ని ఉత్త సాకని నేను కొట్టిపారేయలేను.

కానీ లేచి వెళ్లబోతూ ఆమె ఇంకోటి చెప్పింది. దిల్‌సుఖ్‌నగర్‌లో అతని రూమ్‌మేట్ పుట్టినరోజుకు పోతే అక్కడా ఫ్రెండేనట. ఆ రూమ్‌లో ఒక్కడికీ వాళ్ల ఊరితో సంబంధం లేదు. ఒకడు ‘మావాడికి మంచి పిల్లను చూడండి’ అని ఆమెతోనే అంటే ఇతను నవ్వాడట. నాకు తేడా కొట్టింది అక్కడ.

నిజంగా భయపడి దాచేవాడు ముందే చెప్తాడు, మామ కనిపిస్తే ఇలా అంటాను, ఏమనుకోకు అని. ఒక్కరికైనా, అక్కకో దోస్తుకో చెప్పి ఉంచుతాడు, రేపు ఏమన్నా అయితే పక్కన నిలబడే మనిషి కావాలి కదా. స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద చేసుకుంటే నోటీసు రిజిస్ట్రార్ ఆఫీసులో అంటిస్తారు, 30 రోజులు ఆగాలి అని కనుక్కుని, అన్నాళ్లు ఎక్కడుండాలో కూడా ఆలోచిస్తాడు. భయం సాకుతో తప్పించుకునే రెండోవాడికైతే ముందు ఉద్యోగం రావాలి, వచ్చాక చెల్లె పెళ్లి కావాలి, అదయ్యాక ఇంకోటి. (అమ్మాయిల్లోనూ ఉన్నారు, నవ్వకండి.) ఇంకా తేల్చుకోనివాళ్లూ ఉంటారు, అది తప్పేం కాదు, కాకపోతే ఆ ముక్క ఎదుటి మనిషికి చెప్పాలి.

మామ గురించి గొడవ పడకు, రూమ్‌మేట్లలో ఒక్కడికి నీ ముందే చెప్పమను అన్నాను. అడిగిందట. ‘వాళ్లకెందుకు, మనకు తెలుసు కదా’ అన్నాడట. పెళ్లి చేసుకుంటావా లేదా అని దసరాకు వచ్చినప్పుడు అడుగుతానంది. అందాకా ఎందుకు, ఇవాళే ఫోన్ చేసి అడుగు అన్నాను.